అమ్మమ్మ సంతకం పెట్టని ప్రూఫు

ఇంగ్లిషు కనిపెట్టినవాళ్లు ముందుగా మా అమ్మమ్మకు చూపించలేదు కాబట్టే ఆ భాషలో ఇన్ని తప్పులున్నాయి. చూపించి ఉంటే ఎర్ర పెన్నుతో సగం కొట్టేసి పంపేది.

అమ్మమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. తొమ్మిదో తరగతిలో బడి నన్నూ నేను బడినీ వదిలేసుకున్నాక, నాకూ కాస్త నేర్పాలని చూసింది. ‘మై బ్రదర్ అండ్ మీ వెంట్’ అని ఉంటే బ్రదర్ మీద బొటనవేలు పెట్టి మూసేది. ‘మీ వెంట్’ ఒంటరిగా నిలబడదు, కాబట్టి ‘ఐ’. ‘గేవ్ ఇట్ టు మై బ్రదర్ అండ్ ఐ’లో వేలు పెడితే ‘టు ఐ’ మిగులుతుంది, కాబట్టి అక్కడ ‘మీ’. ‘బిట్వీన్’ దగ్గర మాత్రం వేలు చాలదు, మధ్య అంటే ఇద్దరుండాలి. ఆ ఇద్దరినీ తీసేసి ‘వుయ్’, ‘అస్’ పెట్టి చూడమనేది. ‘బిట్వీన్ అస్’ అంటారు గానీ ‘బిట్వీన్ వుయ్’ అని ఎవరూ అనరు. అందుకే ‘బిట్వీన్ యూ అండ్ మీ’. ఆమె వేలికి సిరా, నా తలకు మొట్టికాయ.

ఆ ఏడు ప్రెస్సుకు బళ్ల ఇంగ్లిషు గైడు వచ్చింది. రాసినాయన రిటైరైన హెడ్‌మాస్టరు. జవాబుల పేజీలో ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ సరైనదని ఉంది. అమ్మమ్మ కొట్టేసి ‘మీ’ రాసింది. ఆయన మళ్లీ ‘ఐ’ చేసి పంపాడు. చిన్నప్పుడు ‘మీ అండ్ మై ఫ్రెండ్’ అన్నందుకు బెత్తం దెబ్బలు తిన్నాడట, అప్పటినుంచీ ‘ఐ’ మర్యాద, ‘మీ’ మొరటు అని ఆయన నమ్మకం. అలా మూడుసార్లు జరిగింది.

ఆఖరి ప్రూఫు మీద అమ్మమ్మ సంతకం లేనిదే అచ్చుకు వెళ్లదు. ఓనరు ఆ కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు.

“పుస్తకం ఆయనది, పెద్దమ్మా. తప్పైతే ఆయన పేరే పోతుంది. మీరు సంతకం పెట్టండి చాలు.”

“పిల్లలు దీన్నే బట్టీ పడతారు, బాబూ.”

“పట్టనివ్వండి. పెట్టకపోతే రేపటినుంచి మీకు ఇక్కడ బల్ల ఉండదు.”

అమ్మమ్మ పెన్ను మూత పెట్టి, కళ్లజోడు డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసింది. ఆమె బదులు టైపు చేసే కుర్రాడు సంతకం పెట్టాడు. పుస్తకం అచ్చయింది, రెండో ముద్రణ కూడా వచ్చింది. మా వీధి చివరి బళ్లో పిల్లలు ఆ జవాబును రాగం తీసి మరీ చదువుతుంటే మా కిటికీలోకి వినిపిస్తుంది. అమ్మమ్మ లేచి కిటికీ మూస్తుంది. ఇంకో ప్రెస్సు ఆమెను పిలవలేదు. ఇప్పుడు మందు సీసాల మీది చీటీలు దిద్దుతోంది, ఎవరూ అడగకుండానే.

మొన్న ఉండబట్టలేక అడిగాను, ఆ ఒక్క సంతకం పెట్టి ఉంటే ఏం పోయేదని.

“ఏమీ పోయేది కాదు. పెట్టకపోతే మాత్రం ఏం ఆగింది? జరుగు, వెలుతురుకు అడ్డొస్తున్నావు.”