పసుపు సంచిలో సూది

ఆసుపత్రిలో ఆమెను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లుగా వార్డుల్లోని సంచులను వెనకాల గదికి చేర్చడం ఆమె పని. రక్తం అంటిన దూదీ కట్లూ పసుపు సంచికి, గొట్టాలూ సూది తీసేసిన సిరంజీలూ ఎర్ర సంచికి, గాజు సీసాలు నీలం డబ్బాకి, సూదులూ బ్లేడులూ గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాకి. ఈ నాలుగు రంగులూ ఆమెకు నోటికొచ్చిన ఎక్కాలంత సులువు. పెద్ద చదువులు చదివిన వాళ్లకు మాత్రం ఎంతకీ రావు.

ఆ సోమవారం ఉదయం సర్జికల్ వార్డులో, ఆమెతో పాటే పనిచేసే తోడికోడలు చిట్టి పసుపు సంచిని మెడ దగ్గర పట్టుకుని లేపింది. చేతులకు మందపాటి గ్లౌజులు, కాళ్లకు బూట్లు, అన్నీ ఉన్నాయి. సంచి ఊగి కాలికి తగిలింది. బూటుకు పైన, పిక్కలో చురుక్కుమంది.

"అక్కా!" అంది చిట్టి. సంచి పక్కలోంచి సూదిమొన బయటికి చూస్తోంది.

పెద్దమ్మ ఆ సంచిని విప్పలేదు. పట్టకారుతో పట్టి, గట్టి డ్రమ్ములో అలాగే నిలబెట్టింది. చిట్టిని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. "పిండకు. సబ్బు రాసి, నీళ్ల కింద పెట్టు, అంతే" అంటూ తానే కడిగింది. అక్కణ్ణుంచి నేరుగా అత్యవసర విభాగానికి. అక్కడి డాక్టరమ్మ రక్తం తీసి, ఎవరి సూదో తెలియదు కాబట్టి ఎయిడ్స్ సోకకుండా ఆ గంటలోనే మందు మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు మింగాలి. ఆరో వారంలో, మూడో నెలలో, ఆరో నెలలో, మొత్తం మూడు పరీక్షలు.

"ఆర్నెల్లా?" అంది చిట్టి. "ఇంట్లో పిల్లదానికి ఏం చెప్పనక్కా? దాన్ని ముద్దు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చమ్మా, దానివల్ల ఏమీ కాదు" అంది డాక్టరమ్మ. అయినా ఆ ప్రశ్న పెద్దమ్మ గుండెలో మంట పెట్టింది.

ఆ మంటతోనే వార్డుకు తిరిగొచ్చింది. జరిగింది చెబితే హెడ్ నర్సు తల ఎత్తకుండానే, "మా వార్డు సంచేనని గ్యారంటీ ఏంటి?" అంది.

"సంచికి కట్టిన చీటీ మీద మీ వార్డు పేరుంది, తేదీ ఉంది, మీ సంతకం ఉంది. ఇంకేం కావాలి సిస్టర్, సూది లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలా?"

పక్కనుంచి వెళుతున్న డాక్టరు ఆగాడు. "గ్లౌజులిస్తున్నాం కదా. కాస్త జాగ్రత్తగా మోసుకోవాలి."

"పిక్కకు గ్లౌజు ఎక్కడుంటుంది సార్?"

అప్పుడే ఆమె కళ్లు మూలనున్న తెల్ల డబ్బా మీద పడ్డాయి. ముక్కాలు భాగం నిండగానే మూత బిగించాలి. అది మెడ దాకా కిక్కిరిసి, సూదులు పళ్లికిలించినట్టు పైకి పొడుచుకొచ్చాయి. కొత్తది పంపమని నాలుగు రోజులుగా అడుగుతున్నామనీ, స్టోరు నుంచి రాలేదనీ నర్సు నసిగింది. చోటు లేక ఎవరో సూదిని దగ్గరున్న పసుపు బుట్టలో పడేశారు. పడేసిన చేయి ఎవరిదో ఎవరికీ తెలియదట.

ఆమె సూపరింటెండెంట్ గదికి వెళ్లింది. ఆయన అంతా విని మెత్తగా, "వచ్చే వారం తనిఖీ ఉంది పెద్దమ్మా. ఇప్పుడు ప్రమాదం రిపోర్టు ఎందుకు? మందులు ఇప్పించాం కదా" అన్నాడు.

పెద్దమ్మకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. "రాయకపోతే జరగలేదంటారు. రేపు చిట్టికి ఏమన్నా అయితే అది ఇంటి నుంచి తెచ్చుకుందంటారు. రాయండి సార్. మీరు రాసేదాకా, తెల్ల డబ్బాలు వచ్చేదాకా ఆ వార్డు సంచి ఒక్కటీ మేం ముట్టుకోం."

"నలభై ఎనిమిది గంటలు దాటి ఉంచకూడదని తెలుసు కదా!"

"ఆ లెక్క మీకంటే నాకే బాగా తెలుసు. గడియారం మీ గోడకూ ఉంది."

మిగతా వార్డుల పని ఎప్పటిలాగే చేశారు. ఆ వార్డు వెనకాల మాత్రం సంచులు పేరుకున్నాయి. మంగళవారం మధ్యాహ్నానికి వాసన నర్సుల బల్ల దాకా వచ్చింది. నిన్నటిదాకా ఎంత అడిగినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టున్న స్టోరుకు ఒక్కసారిగా చెవులు పుట్టుకొచ్చాయి. సాయంత్రం నాలుగింటికి ప్రతి మందుల బండికీ ఒకటి చొప్పున తెల్ల డబ్బాలు దిగాయి. నిండిపోయిన పాతదానికి మూత బిగించి పంపారు. రిపోర్టు మీద సూపరింటెండెంట్ సంతకం పడింది. గడువుకు ఇంకా సగం రోజు ఉండగానే సంచులు బండెక్కాయి.

పని ఆపినందుకు మరుసటి రోజు పెద్దమ్మకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే చదివించుకుని, మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుంది.

తనిఖీ బాగా జరిగింది. ఆ సందర్భంగా పెట్టిన మీటింగులో సూపరింటెండెంట్ కొత్త డబ్బాలు చూపించి, "మన సిబ్బంది అప్రమత్తత" అంటూ చప్పట్లు కొట్టించాడు. పెద్దమ్మ కొట్టలేదు. లేచి నిలబడింది.

"ఆ సూది పడేసిందెవరు? కోప్పడను. పేరు చెప్పి, చిట్టి దగ్గరికొచ్చి ఒక్క మాట అంటే చాలు."

గదిలో అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. ఆ తర్వాత చిట్టికి ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఇంకా రెండు పరీక్షలు మిగిలే ఉన్నాయి. ఆమె దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.