బొద్దింకల పని

నరసాపురం బడిలో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పిన పేర్రాజు పంతుల్ని నేను. పింఛను పుచ్చుకున్నాక నాకు మిగిలిన శిష్యురాలు ఒక్కర్తే, అయిదేళ్ల మనవరాలు వెంకటరత్నం.

"చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకున్నాకే పుస్తకం ముట్టుకోవాలి. కాగితం పైమూల పట్టుకుని మెల్లగా తిప్పాలి. అలమరలోంచి తీసేటప్పుడు పైఅంచు పట్టి లాగకూడదు, మధ్యలో పట్టుకోవాలి" అని రోజూ ఊదరగొట్టేవాణ్ణి. పిల్ల శ్రద్ధగా నేర్చుకుంది. నా గొప్పతనం అక్కడితో సరి.

ఒకనాడు ఇద్దరం పుస్తకాలు దులిపి, అలమరలో పాత వేపాకు తీసి కొత్తది పెడుతున్నాం.

"తాతయ్యా, అన్నిటికీ కింది మూలల్లో ఈ గోధుమరంగు మచ్చలేంటండి?" అంది.

"బొద్దింకల పనమ్మా" అన్నాను గంభీరంగా.

పిల్ల నా బొటనవేలు పట్టుకుని ఒక మచ్చ మీద ఆనించింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆ పైన నా వేలు వాసన చూసి, "ఈ బొద్దింక ముక్కుపొడుం పీలుస్తుందండి" అంది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు గట్టిగా వినిపించింది.

"వేలు తడి చెయ్యకపోతే కాగితం కదలదమ్మా" అని నసిగాను. పిల్ల పైమూల పట్టుకుని పొడివేళ్లతో నాలుగు కాగితాలు తిప్పి చూపించింది.

నూతి దగ్గరికెళ్లి చేతులు కడుక్కొచ్చాను. రెండు వైపులా తిప్పి చూసి, "మళ్లీ కడుక్కోండి" అంది. కడుక్కున్నాను. అయినా పుస్తకం నా చేతికివ్వలేదు. తనే ఒళ్లో పెట్టుకుని, నన్ను వినమని, కూడబలుక్కుంటూ చదివింది.