పన్నెండు అక్షరాల జోల

“నీకు పాటంటే తెల్సునా, సావుకారీ? దాని పేగులు తీసి ఆరేసినావు!”

“పేగులుంటే ఉండనీలేప్పా, జనానికి అర్థం కావద్దా? ముదిగుబ్బలో పోయిన బొమ్మకు ఏమైనాదో నువ్వు సూడలేదు. తెర మింద ఒకామె ఏడుస్తా ఉంటే, కింద అక్షరాలు సదవలేక జనం నవ్వినారు. అట్లా నవ్వినారు!”

“జనానికి సదువు రాకుంటే నేనేం సేసేది?”

“ఈ ఊర్లో కూడా నవ్వినారనుకో, లాంతరు మూలన పడేస్తా. లాంతరు పాయనంటే కుళ్ళాయప్పకు కూడా ఈడ పని లేదు. అదీ నా మాట.”

మధ్యలో ఉన్నది ఒక్క తడిక. దానికివతల కూర్చుని గాజుబిళ్ళకు మసి పట్టిస్తున్న కుళ్ళాయప్ప ఆ మాట విన్నాడు. కిరసనాయిల్ దీపం పొగ మీద బిళ్ళను తిప్పుతూనే ఉన్నాడు. చెయ్యి ఆపితే మసి ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా పడుతుంది. మనిషి గుండె ఆగినా ఆ చెయ్యి ఆగకూడదు.

గుత్తి రైలు కట్ట పక్కన వేసిన ఆ టూరింగ్ టాకీసు గుడారానికి యజమాని శ్రీరంగప్ప. బళ్ళారి నుంచి హిందీ బొమ్మలు తెప్పిస్తాడు. జనానికి హిందీ రాదు. అందుకని తెర కింద మూరెడు వెడల్పున తెల్లగుడ్డ కట్టించి, దాని మీద లాంతరుతో తెలుగు మాటలు వేయిస్తాడు. ఆ మాటలను బిళ్ళల మీద రాసేదీ, ఆటలో వేసేదీ కుళ్ళాయప్పే. మసి పట్టిన గాజు మీద సూదితో గీకితే గీకినచోట వెలుతురు దూరుతుంది, నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. బిళ్ళను తలకిందులుగా దూర్చాలి. లాంతరు ముందు రెండు బిళ్ళలు పట్టే చట్రం ఉంటుంది. ఒకటి వెలుగుతుంటే రెండోది పక్కన కాచుకుని ఉంటుంది. గాయని గొంతెత్తగానే తొయ్యాలి, ఆపగానే లాగాలి.

కుళ్ళాయప్పది ముదిగుబ్బ. కరువొచ్చిన ఏడు గొర్రెలన్నీ పోతే ఈ ఊరొచ్చి, రైలు కట్ట మీద కంకర మోసి, తర్వాత సినిమా బోర్డులకు రంగులు కలిపి, ముప్పై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చాడు. ఇప్పుడు యాభై దాటింది. వేళ్ళ సందుల్లో మసి ఏ సబ్బుకూ పోదు. కండ్లు మధ్యాహ్నానికే మండుతాయి. ఈ లాంతరు పోతే మళ్ళీ కంకర తట్టే. ఆ నెత్తికి ఇప్పుడు తట్ట ఆనదు.

అవతల యజమానితో వాదులాడిన గంగాధరప్ప తడిక తోసుకుని వచ్చాడు. అనంతపురం కాలేజీ నడిమిట్లో వదిలేసిన కుర్రాడు. హిందీ పరీక్షలు వరసగా పాసైనాడు. హిందీ పాటలను తెలుగులోకి మార్చేది అతనే. ఏ ఊళ్ళోనూ నాలుగు నెలలు నిలవడు, ఏ మాటనూ నోట్లో దాచుకోడు.

“నువ్వు కూడా నా పాటను కోసినావంట గదన్నా?”

“కొయ్యలేదప్పా. కొలిచినా.”

కుళ్ళాయప్ప అతన్ని గుడారం వెనకున్న తన ఇంటికి తీసుకుపోయి, లోపలి గది తలుపు మూసి లాంతరు వెలిగించి, గోడ మీద ఒక బిళ్ళ వేశాడు. గంగాధరప్ప రాసినదే, ఒక్క అక్షరం మార్చకుండా.

నిను మోసిన గర్భమందిరము నాదే యైనను
వరుణుడు కరుణింపని యేటను నిన్ను పరుల వాకిట నుంచితి

“నల్లమ్మా, ఈడికి రా.”

నల్లమ్మ అతని భార్య. బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే మిల్లులో పని చేస్తుంది. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలను ఒక్కొక్కటే వేలితో పొడుచుకుంటూ చదువుతుంది. కొత్త బిళ్ళ ఏదైనా ముందు ఆమే చదవాలి. ఆమె చదివిందంటే ఊరు చదివినట్టే.

శ్రీరంగప్ప గడియారం అరువు తెచ్చి, సెకన్ల ముల్లు చూస్తూ కుళ్ళాయప్ప “ఊ” అన్నాడు. నల్లమ్మ మొదలుపెట్టింది. “ని... ను... మో... సి... న... గ... గర్...” ఒత్తు దగ్గర వేలు అక్కడే నిలిచిపోయింది.

“ఆరు సెకన్లు. హోటల్ రికార్డులో పాట లైను అయిపాయ,” అని బిళ్ళ లాగేశాడు.

“ఏందయ్యో, ఆడ పాట పాయ, నేనింకా గర్భం కాడే ఉండా!” అంది నల్లమ్మ.

గంగాధరప్పకు నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. “ఈమె ఒక్కామె కోసం...”

“ఈమె ఒక్కామె కాదప్పా. గుడారంలో నేల మింద కూర్చునేటోళ్ళంతా ఈమే. ఈమె సెకనుకు మూడక్షరాలు సదువుతాది, అదీ కష్టమైన ఒత్తులు లేకుంటే. ఆరు సెకన్లకు పద్దెనిమిది. పద్దెనిమిదీ నేను వాడుకుంటే ఈమె తలెత్తి బొమ్మ సూసేదెప్పుడు? అక్షరాలు సదవను రాలేదు, బొమ్మ సూడను వచ్చింది. అందుకని ఒక లైనుకు పన్నెండు. నీది ముప్పైతొమ్మిది. లెక్కపెట్టుకో.”

గంగాధరప్ప లెక్కపెట్టుకున్నాడు. ముప్పైతొమ్మిదే.

ఆ పాట ఒక జోల. కథంతా దాని మీదే నిలబడి ఉంది. కరువులో బిడ్డను ఇంకొకరికిచ్చేసిన తల్లి, ఆ ఇంట్లోనే దాదిగా చేరి, ఉయ్యాల ఊపుతూ నిజం పాటలో చెప్పుకుంటుంది. ఆ ఒక్క లైను అందకపోతే తర్వాతి సగం బొమ్మ ఎవరికీ అందదు.

“మరి ఏది తీసేది? గర్భమందిరమా, వరుణుడా?”

“రెండూ. ఈడ వాన రాలేదని సెప్పను వరుణుడెందుకప్పా? కరువంటే సాలు. బిడ్డ ఎవరిదో ఉండాల. ఎందుకిచ్చిందో ఉండాల. మిగిలిందంతా ఆయమ్మ గొంతులో ఉండాది, మొగంలో ఉండాది. అది నువ్వు మళ్ళా రాయను అక్కర్లే.”

గంగాధరప్ప బొగ్గుముక్క తీసుకుని, తానే గోడ మీద రాశాడు.

కన్నది నేనే
కరువులో ఇచ్చితి

అయిదూ ఏడూ పన్నెండు. నల్లమ్మ నాలుగు సెకన్లలో చదివి, తలెత్తి, మొగుడి ముఖం కేసి చూసింది. అది చాలనుకున్నాడు కుళ్ళాయప్ప.

సినిమా డబ్బాలు శుక్రవారం మధ్యాహ్నం గాని రైల్లో రావు. అందుకని కాఫీ హోటల్లోని గ్రామఫోన్ రికార్డు తెచ్చి, దాన్ని తిప్పి తిప్పి లైన్లు కొలిచారు. పల్లవి, రెండు చరణాలు. పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు బిళ్ళ అక్కర్లేదు, జనానికి ముందే తెలుసు గనక పట్టీ నల్లగా వదిలెయ్యొచ్చు. మొత్తం పద్నాలుగు బిళ్ళలు. రికార్డు అరిగి గీపెట్టేదాకా కొలిచారు. హిందీ రాని కుళ్ళాయప్ప వరసను బట్టి గుర్తు పెట్టుకున్నాడు. గొంతు లేచినప్పుడల్లా ఒక బిళ్ళ.

శుక్రవారం మొదటి ఆట. డబ్బాలు పొద్దుగూకేముందు గాని దిగలేదు. గంగాధరప్ప టికెట్ల తడిక దగ్గర నిలబడి ఉన్నాడు. జోల మొదలైంది. పల్లవికి బిళ్ళలు సరిగ్గా పడ్డాయి. మొదటి చరణానికీ పడ్డాయి. నేల మీద జనం గొణుగుతూ చదువుతున్నారు. కుళ్ళాయప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

రెండో చరణం అదే వరసలో మొదలైంది. కుళ్ళాయప్ప బిళ్ళ తోశాడు. కన్నది నేనే, కరువులో ఇచ్చితి.

తెర మీద పాడుతున్నది దాది కాదు. బిడ్డను పెంచుతున్న ఇంటి యజమానురాలు. ఉయ్యాలకు ఆ పక్కన నిలబడి, పట్టుచీర కట్టుకుని, నవ్వుతూ పాడుతోంది. సినిమాలో మూడు చరణాలు. రికార్డులో పట్టక నడిమి చరణం ఎత్తేశారు. ఆ సంగతి రికార్డు మీద ఎక్కడా రాసిలేదు.

“ఇదేందిరా, బిడ్డ ఈమెదేనంట!” అన్నాడొకడు.

“మరి ఆయమ్మెందుకు ఏడ్సింది?”

“కరువులో ఇచ్చిందంట, పట్టుచీర కట్టుకోని!”

నవ్వు లేచింది. గంగాధరప్ప జనాన్ని తొక్కుకుంటూ వచ్చేసరికి బిళ్ళలన్నీ అయిపోయాయి. అసలు తల్లి అసలు మాట పాడుతున్నప్పుడు కింద పట్టీ నల్లగా ఉంది. తర్వాతి సగం జనం ఒకరినొకరు అడుక్కుంటూ చూశారు, కొందరు లేచిపోయారు.

ఆట విడిచాక శ్రీరంగప్ప అరవలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడంతే. “కుళ్ళాయప్పా, రేపు లాంతరు తియ్యి,” అన్నాడు.

“తీస్తా సామీ. పొద్దున ఒక్కసారి ఆ రీలు ఆడించు. బొమ్మ వద్దు, సద్దు సాలు.”

“ఎందుకు?”

“తప్పు యాడ జరిగిందో తెల్సింది. తెల్సినాంక తియ్యమంటే సేతులు రావు సామీ.”

“తప్పు నాది,” అన్నాడు గంగాధరప్ప. “హిందీ వచ్చినోణ్ణి నేను. లాంతరు కాడ ఉండాల్సింది పోయి టికెట్ల కాడ నిలబడినా.”

శ్రీరంగప్ప ఇద్దరినీ చూసి, “పగలు మిషను తిప్పితే నా నూనె ఖర్చు,” అని గొణిగాడు. వద్దనలేదు.

శనివారం పొద్దున గుడారం లోపల ఎండ కుట్ల సందుల్లోంచి దిగుతోంది. అంత వెలుతురులో తెర మీద ఏమీ కనబడదు. పాట వినబడుతుంది. ఆడించేవాడు రీలును ఆరుసార్లు తిప్పాడు. గంగాధరప్ప లైను లైనుకూ ఎవరు పాడుతున్నారో, ఏమంటున్నారో చెప్పాడు. కుళ్ళాయప్ప ముల్లు చూసి నేల మీద గీతలు గీశాడు. పెంపుడు తల్లి చరణానికి కొత్తగా నాలుగు బిళ్ళలు కావాలి. మొదటి లైనుకు గంగాధరప్ప ఈసారి నేరుగా ఎనిమిది అక్షరాలే ఇచ్చాడు. ఒడి నాది, నిద్ర నీది.

అసలు లైను దగ్గర ఇంకో చిక్కు తేలింది. రికార్డులో గాయని ఏకబిగిన పాడింది. సినిమాలో నడుమ ఆగుతుంది, గొంతు పూడుకుపోతుంది, వేణువు మాత్రం మోగుతుంది.

“నాలుగు సెకన్లు. మళ్ళా నాలుగు సెకన్లు ఉత్త వేణువు,” అన్నాడు కుళ్ళాయప్ప. “రెండు మాటలూ ఒకే బిళ్ళ మింద వేస్తే, ఆయమ్మ నోరు తెరవకముందే జనం రెండోది సదివేస్తారు. ఏడుపు ముందే అయిపోతాది.”

“అయితే ఇరగ్గొట్టు. ‘కన్నది నేనే’ వేసి లాగెయ్. వేణువుకు పట్టీ నల్లగా వదిలిపెట్టు. గొంతు లేసినప్పుడు ‘కరువులో ఇచ్చితి’ తొయ్యి.”

“నీ గర్భమందిరం పోయినందుకు బాధ లేదా అప్పా?”

“ఉండాది,” అన్నాడు గంగాధరప్ప. “రాయి, రాయి. మసి రాలిపోతాది.”

సాయంత్రానికి బిళ్ళలు తయారయ్యాయి. కుళ్ళాయప్ప కండ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. మొదటి ఆటలో గంగాధరప్ప అతని వెనక నిలబడి, లైను మారినప్పుడల్లా భుజం తట్టాడు. కన్నది నేనే. పట్టీ నల్లబడింది. వేణువు. నేల మీద నాలుగు వందల మంది తలలెత్తి ఆ తల్లి ముఖం చూస్తున్నారు, ఎవరూ గొణగడం లేదు. భుజం మీద తట్టు. కరువులో ఇచ్చితి. ఆడవాళ్ళ వైపు ఎవరో “అయ్యో” అన్నారు, అంతే. ఎవరూ నవ్వలేదు.

శ్రీరంగప్ప లాంతరు దగ్గరికి వచ్చి, “ఉండనీలే,” అని వెళ్ళిపోయాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు రాదు.

ఆదివారం పొద్దున కుళ్ళాయప్ప బిళ్ళల అంచులు గుడ్డతో తుడిచి వరసగా పేర్చుతున్నాడు. సంతోషం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. గంగాధరప్ప గడప మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

“పదేళ్ళ నుంచి బిళ్ళలు తోస్తాండా,” అన్నాడు కుళ్ళాయప్ప తలెత్తకుండా. “ఏ పాటలో ఎవరు ఏడ్సినారో నాకు తెల్దు. నేను సూసేది లాంతరును, సట్రాన్ని. ఆ వేణువు మోగేటప్పుడు ఆయమ్మ మొగం ఎట్లుంటాదప్పా?”

“సెప్పను రాదన్నా. సూడాల్సిందే.”

కుళ్ళాయప్ప చివరి బిళ్ళను వెలుతురుకు ఎత్తి చూసి, పెట్టెలో పెట్టాడు.

“అయితే నాకొక పని సెయ్యి గంగాధరా. ఈ మాపటికి ఆ పాట కాడ లాంతరు నువ్వు పట్టుకో. నేను పోయి నల్లమ్మ పక్కన నేల మింద కూర్చుంటా.”