పాత తేదీ కాగితం

ఉదయం ఏడుంపావుకు బెల్లం మండీ యజమాని ఒకాయన చిత్తూరులోని మా ఇంటికి వచ్చి, ఏడాది కిందటి తేదీతో కొన్న స్టాంపు కాగితం నాయన బల్లమీద పెట్టాడు. నాయన ఆదాయపు పన్ను వకీలు. నా లా కాలేజీ ఫీజు ఎక్కువగా ఈ మండీ యజమాని కేసులమీదే నడిచేది.

“వడ్డీకి పెట్టిన ఉమ్మడి డబ్బు పోయినేడే ముగ్గురన్నదమ్ములం పంచుకున్నట్టు రాసియ్యప్పా. మూడు భాగాలైతే పన్ను తగ్గుతాది,” అన్నాడు, కూర్చోకుండానే.

“పంచుకున్నారా?”

“లేదు. కాగితం పాతదే గదా.”

“కాగితం పాతదైతే పని పాతదవుతాదా? మండీ ఉమ్మడిగానే ఉండనీ. డబ్బు ఈపొద్దు నిజంగా పంచుకోండి, ఈపొద్దు తేదీతోనే రాస్తా. ఇకమీద వడ్డీకి ఎవరి పన్ను వాళ్లది. పోయినేటిది ఉమ్మడిగానే కట్టల్ల.”

ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూ, “రెండిట్లోనూ పన్ను తగ్గేదే గదా నాయనా?” అన్నాను.

“నిజంగా పంచుకుంటే చట్టం ఇచ్చిన దోవలో తగ్గించుకున్నట్టు. పంచుకోకుండా పంచుకున్నామంటే ఎగ్గొట్టినట్టు.”

మండీ యజమాని మళ్లీ రాలేదు. ఆ టర్ము ఫీజు ఆలస్యంగా కట్టాం.

తర్వాత చట్టం మారి, నాయన చెప్పిన ఆ దోవ కూడా మూసుకుపోయింది. నాయన లేడు. ఉమ్మడి ఆస్తిలో కొంత మాత్రమే పంచుకుని పన్ను తగ్గించుకునే పత్రాలు ఇప్పుడెవరూ రాయించుకోరు.