స్వరాజ్యం రాసిన మూడు జవాబులు

ఆ గదికి రెండు తలుపులు. ఒకటి రోడ్డు వైపు, రెండోది వంటశాల వైపు. కార్డు చూపిస్తే తప్ప ఏదీ తెరుచుకోదు. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చిన స్వరాజ్యం మొదటి తలుపు దాటింది. రెండో తలుపు దగ్గర కార్డు చూపిస్తే ఎర్ర దీపం వెలిగింది. వెనక్కి వచ్చి మొదటి తలుపుకు చూపిస్తే అక్కడా ఎర్ర దీపమే.

శంషాబాదు విమానాశ్రయం దగ్గర, విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో ఆమె ట్రేలు కడుగుతుంది. ఊరు మంఖాల్. తొమ్మిదేళ్ల నుంచి అదే పని. వేడినీళ్లకు, సబ్బు మందుకు వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. సోమవారం నుంచి హాజరు యంత్రం ఆమె వేలిని పట్టడం మానేసింది. సూపర్‌వైజరు కల్యాణి మూడు రోజులూ ఒకే మాట అంది. "తర్వాత చూద్దాం, ముందు లైన్ల నిలబడు." స్వరాజ్యం నిలబడింది. యంత్రం మాత్రం మూడు రోజులూ రాలేదని రాసుకుంది.

కాపలా ఉన్న బిక్షం గాజు కిటికీ అవతలి నుంచి కాంట్రాక్టరు ఆఫీసు పంపిన కాగితం జరిపాడు. చెప్పకుండా మూడు రోజులు గైర్హాజరు. ఈ రోజు సాయంత్రం ఐదులోపు గదిలోని కంప్యూటరులో జవాబు రాయాలి. రాయకపోతే విమానాశ్రయం పాసు, అంటే ఈ కార్డు, రద్దు. పాసు ఒకసారి పోతే మళ్లీ పోలీసు విచారణ, మళ్లీ నెలల తరబడి తిరగడం. ఈలోపు ఆ ప్రాంతంలో ఏ గేటూ దాటనివ్వరు.

"నన్ను బయటికన్న ఇడువు బిక్షం. ఆఫీసుకే పోయి చెప్పుకుంట."

"ఇడుస్తనక్కా. కానీ నువ్వు జవాబు ఇయ్యకుండ పోయినట్టు పడ్తది. నా చేతుల లేదు."

తన ఫోను బయటి కౌంటర్లో ఇచ్చి వచ్చింది. కల్యాణి లోపల షిఫ్టులో ఉంది. గోడ గడియారంలో మూడూ ముప్పావు.

కంప్యూటరు మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. స్వరాజ్యం ఏడో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఇంతవరకు ఈ మిషను ముట్టుకోలేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని ఒక వేలితో నొక్కింది. తెర మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఆమెకు అనుమానం రాలేదు. ఇంట్లో కూతురు ఫోనుకు తెలుగులో చెబితే అది ఇంగ్లీషులో రాసిపెడుతుంది. ఇదీ అలాగే సార్ల కోసం మార్చుకుంటుందనుకుంది.

"చూడు బిక్షం, మంచిగనే వచ్చిందా?"

బిక్షం కిటికీ అద్దంలోంచి వంగి చూశాడు. "ఇంగ్లీషు గట్లనే ఉంటదక్కా. నడుమ నడుమ చుక్కలు గిట్ల పెడ్తరు."

"నీకొస్తదా?"

"రాదు. చూస్త రోజూ."

పంపింది. రెండు నిమిషాల్లో తెలుగులో జవాబు వచ్చింది. మీ సందేశం అర్థం కాలేదు, మళ్లీ రాయండి. తన రాతలోనే తప్పుందనుకుంది. మీటలు మరింత నెమ్మదిగా, గట్టిగా నొక్కుతూ మళ్లీ రాసింది. అదే జవాబు వచ్చింది. ఈసారి కింద ఇంకో వాక్యం: మూడోసారీ చదవలేకపోతే ఈ విషయం మూసివేయబడుతుంది.

స్వరాజ్యం చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏం తప్పు చేసిందో తెలియకుండా మూడోసారి ఏం రాయాలి? నాలుగుంబావు అయింది.

శంషాబాదు బస్తీలో కాంట్రాక్టరు ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. కార్మికుల సందేశాలు చూసే బల్ల దగ్గర ఫణి కూర్చున్నాడు. బందరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుర్రాడు. రెండుసార్లూ తయారుగా ఉన్న జవాబు నొక్కింది అతనే. మూడోది రాకముందే మూసేద్దామా అని పక్క బల్ల మాధవీలతను అడిగాడు.

"ఎవరో పిల్లలు మీటలతో ఆడుకుంటున్నట్టున్నారండీ."

మాధవీలత తన తెర మీద తెరిచి చూసింది.

ct[g japgng vsvg b;d;fv. ;z/d/f h[dlnsog.

రెండోసారి పంపిందీ అక్షరం తేడా లేకుండా అదే.

"పిల్లలైతే రెండుసార్లు ఒక్కతీరుగ కొట్టరు కదా ఫణీ. పదాలు ఎక్కడికక్కడ ఆగినయి. చివర్ల చూడు, శానమట్టుకు g లే."

ఈ ఉద్యోగానికి ముందు ఆమె కొత్తూరులో ఎనిమిదేళ్లు అర్జీలు టైపు చేసింది. చూపు b;d;f దగ్గర ఆగింది. రెండు పక్కలా ఒకే గుర్తు, నడుమ d. ఆ మీట మీద ఆమె వేలు ఎన్ని వేలసార్లు పడిందో. తెలుగు మీటల్లో అది పొల్లు, వత్తు రావాలంటే అదే కొట్టాలి. ; అంటే చ. చ్చ. చివర g అంటే కొమ్ము. మిగతా అక్షరాలు చదువుతూ, మీటలు చూడకుండా బల్ల మీదే వేళ్లు ఆడించింది. మూడు రోజులు నేను వచ్చిన. చెయ్యి పడ్తలేదు.

"మనిషి తెలుగులనే కొట్టింది. మిషను ఇంగ్లీషుల ఉండిపోయింది."

ఫణి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నేను రెండుసార్లు అర్థం కాలేదని కొట్టానండీ."

"అర్థం కాకపాయె, కొట్టినవ్. ఇప్పుడు అడుగుదాం."

ఆమె వెంటనే పంపలేదు. మొదటి వాక్యం రెండుసార్లు చెరిపి రాసింది.

స్వరాజ్యం తెర మీద మాటలు కనిపించాయి. నమస్తే. తప్పు మీది కాదు. మీరు తెలుగు అక్షరాల మీదనే నొక్కినారనిపిస్తుంది. "మూడు రోజులు నేను వచ్చిన, చెయ్యి పడ్తలేదు" అనేనా మీరు రాసింది? నేను పొరబడితే చెప్పండి. మీటల అడుగు వరుసలో ఎడమ దిక్కు కిటికీ బొమ్మ ఉన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకొని, నడుమ ఉన్న పొడుగు మీటను ఒక్కసారి కొట్టి రెండూ విడవండి. తర్వాత ఏదైనా అక్షరం నొక్కి చూడండి. తెలుగు వస్తే అట్లనే రాయండి. మెల్లగనే రాయండి, ఈ విషయం నేను మూయను.

స్వరాజ్యం రెండుసార్లు చదివింది. తర్వాత బిక్షానికి వినబడేలా చదివింది.

"ఎవరో మనోళ్లే," అన్నాడు బిక్షం.

ఒక చేత్తో కిటికీ బొమ్మను పట్టుకుని ఇంకో చేత్తో పొడుగు మీట కొట్టింది. న మీట నొక్కింది. తెర మీద న వచ్చింది.

మూడో జవాబు రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తన పేరు, నంబరు, మూడు రోజులు కడిగిన లైను, కల్యాణి మేడం అన్న మాట, వేళ్ల సంగతి. పంపేసరికి అయిదుకు పది నిమిషాలుంది.

అందింది, అని వచ్చింది. అక్కా, నేను మాధవీలతను. మీ పాసు రద్దు ఆపించిన. కార్డు తెరిచే అధికారం నాకు లేదు. రేపు పదకొండు గంటలకు విచారణ. అప్పటిదాకా లోపలికి పంపరు. ఇప్పుడు బయటికి పోవచ్చు, జవాబు ఇచ్చినట్టు రాసిపెట్టిన.

స్వరాజ్యం మళ్లీ మీటల మీదికి వంగింది. రేపు నా మాట నమ్మిన్రనుకో. ఎల్లుండి కూడ చెయ్యి పడకపోతే?

అవతలి నుంచి జవాబు వచ్చింది.

తెల్వదక్కా. ఆ మాట నేను చెప్పలేను. కానీ ఇక్కడ రాస్తే దాఖలాల ఉంటది, విచారణల చదువుతరు.

బిక్షం బయటి తలుపు తన కార్డుతో తెరిచి పట్టుకున్నాడు. "పోదాం పా అక్కా. మళ్ల ఆటోలు దొరకవు."

"జర ఆగు."

లైన్లో తన పక్కన నిలబడే నిర్మల వేలిని కూడా యంత్రం సగం రోజులు పట్టదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే తనకూ ఇదే కాగితం వస్తుందని భయం. స్వరాజ్యం ఆమె పేరు రాయాలా వద్దా అని ఆలోచించింది. పేరు రాయలేదు. మా లైన్ల ఇంకొంతమందికి గిట్లనే అయితుంది, అని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టింది. చేయి నొప్పి పుట్టి బిక్షం పట్టుకున్న తలుపు వదిలేశాడు. అది మూసుకుంది.