తోతాపురి తోటలో శ్లాబు గడువు

మండలంలో హౌసింగ్ ఏఈగా చేసిన రోజుల్లో నాకు రెండే ప్రశ్నలు వినపడేవి. పై ఆఫీసు వాళ్ళు "ఎన్ని అయ్యాయి?" అనేవారు. ఊళ్ళో వాళ్ళు "బిల్లు ఎప్పుడు పడుతుంది?" అనేవారు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందంటారే, ఆ మద్దెల ఎవరో కాదు, నేనే.

ట్రైనింగులో ఒక లెక్చరరు బోర్డు మీద రెండు బాణాలు గీశారు. ఒక పథకం పై నుంచి కిందికి నడుస్తుందట: లక్ష్యం, నమూనా, గడువు అన్నీ పైన తేలతాయి, ఎంత దాకా అమలైందో కింద కొలుస్తారు. లేదంటే కింద నుంచి పైకి నడుస్తుందట: మనుషులు తమ ఇబ్బందిని ఎలా తీర్చుకుంటున్నారో ముందు చూసి, దానికి సాయంగా పథకాన్ని మలుస్తారు. ఏది మంచిదని అడిగితే ఆయన నవ్వి టీ బ్రేక్ ఇచ్చారు. అప్పటి నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా పథకంలో ఇల్లు ఆడవాళ్ళ పేరున ఇస్తారు. పునాది, గోడలు, శ్లాబు, ఒక్కో దశ పూర్తయ్యాక ఇంటి ముందు ఆమెను నిలబెట్టి ఫొటో తీసి ఎక్కిస్తేనే ఆ దశ బిల్లు పడుతుంది. వారానికోసారి వీడియో కాన్ఫరెన్సులో మండలాల పేర్లు తెర మీద పచ్చగానో ఎర్రగానో కనపడేవి. వేసవిలో వాన ఉండదు, పొలం పని ఉండదు, కట్టుబడి జోరుగా సాగాలి. జిల్లాలో మిగతా చోట్ల అలాగే సాగేది. నూజివీడు చుట్టుపక్కల మాత్రం ఉగాది దాటితే చాలు, ఎర్రబడేది. బద్ధకమని పైన తేల్చేశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. బద్ధకానికి కూడా ఋతువులుంటాయా?

ఒక ఏడు కొత్త ఆర్డరు వచ్చింది. మే నెలాఖరుకి గోడలు పూర్తికాని ఇళ్ళను 'ఆసక్తి లేనివి'గా రాసి, మంజూరు రద్దు చేసి వేరేవాళ్ళకి ఇవ్వాలి. పథకం కింద నా మండలంలో వేసిన కాలనీలో అలా పోబోయే ఇళ్ళలో ఒకటి, నీటుగా మెరక వేసి దిమ్మిస కొట్టిన పునాది. గడ్డిపోచ కూడా మొలవనివ్వలేదు. ఆసక్తి లేనివాళ్ళ పునాది అంత శుభ్రంగా ఉంటుందా అని దాని మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆమె మైలవరం వెళ్ళే దారిలో ఒక తోతాపురి తోటలో దొరికింది. మా వైపు ఆ కాయను కలెక్టరు కాయంటాం. పిందె పడ్డప్పటి నుంచి కోత అయ్యేదాకా ఆమె, భర్త తోటలోనే పాక వేసుకుని కాపలా ఉంటారు. పగలు కోతులు, రాత్రి దొంగలు. మధ్యలో వదిలి వెళ్తే తోట కొన్న వ్యాపారి మళ్ళీ ఏడు పిలవడు. మేస్త్రీలు, కూలీలు, ఇసుక తోలే ట్రాక్టర్లు కూడా ఆ రోజుల్లో మామిడి వెనకే ఉంటాయట. రద్దు సంగతి చెప్పాను. ఆమె ఉండేలు పక్కన పెట్టింది.

"ఇల్లు నాకక్కర్లేదని ఎవరన్నారండీ?" అంది. "పెళ్ళయిన కాడి నుంచీ తోటల్లోనే ఉంటన్నాను. కాయ దించాక మళ్ళీ ఎక్కడికెళ్ళాలో తెలియని బతుకండీ మాది. ఆ ఇల్లు పోతే నేనేం చేయాలి?"

ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆఫీసులో మాత్రం అది కారణం కింద చెల్లదు.

అందుకని కాలనీ ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. తేలిందేమిటంటే, నేను మామిడి సీజన్ అని ఒక్క మాటలో అనుకున్నది వాళ్ళకి ఒకటి కాదు. బంగినపల్లి ముందు దిగుతుంది, తర్వాత రసాలు, ఆఖరున కలెక్టరు కాయ. ముందు ఖాళీ అయినవాళ్ళు మిగతావాళ్ళకి బదులు వెళ్ళొచ్చు. బదులు వాళ్ళకి కొత్త కాదు, నాట్లకీ కోతలకీ ఒకరి పనికి ఒకరు వెళ్ళడం ఎప్పటి నుంచో ఉంది. బంగినపల్లి తోటల వాళ్ళు వెళ్ళి ఈమె తోట కాశారు. ఈమె కాలనీకొచ్చి, అప్పటికి ఖాళీ అయిన మేస్త్రీతో గోడలు లేపుకుంది. మిగతావాళ్ళవీ అలాగే లేచాయి, గడువులోపే ఫొటోలు ఎక్కాయి. మండలం పచ్చబడింది.

అలాగని కింద నుంచి వచ్చేదంతా బంగారమని నేననను. బాపులపాడు వైపు సొంత స్థలాల్లో కట్టుకునే ఊళ్ళో, వాళ్ళ ఇష్టానికే వదిలేశాం. చేతిలో ఉన్నంతలో కాక మనసులో ఉన్నంత పెద్దగా పునాదులు తీశారు, గోడల దగ్గర ఆగిపోయారు. మగదిక్కు లేని ఇళ్ళకి మేస్త్రీ వంతు అసలు రానేలేదు. అక్కడ పై నుంచి ఒక కొలత, ఒక తేదీ గట్టిగా వచ్చుంటే నాలుగు కుటుంబాలు బాగుపడేవి. పైగా గడువు అనే భయం లేకపోతే మా కాలనీ వాళ్ళు కూర్చుని మాట్లాడుకునేవారా అన్నదీ నాకు అనుమానమే.

ఏమైనా సంబరపడి, మామిడి రకాల వారీగా ఏ కుటుంబం ఎప్పుడు ఖాళీ అవుతుందో తేదీలతో నోట్ రాసి జిల్లాకి పంపాను. పై అధికారికి తెగ నచ్చింది. మరుసటి ఏడు అదే ఆర్డరుగా వచ్చింది, మామిడి మండలాలన్నిటికీ. కలెక్టరు కాయ తోటల వాళ్ళు జూన్ పదిహేనుకి శ్లాబు వేయాలి, లేకపోతే రద్దు. కాన్ఫరెన్సులో నన్ను మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం కూడా చేశాను.

ఆ ఏడు మంచు వల్ల పూత ఆలస్యమైంది. వచ్చిన పూత రాలి మళ్ళీ పూసింది. రకాలన్నీ ఒకేసారి కోతకొచ్చాయి. బదులు వెళ్ళడానికి ఎవరూ ఖాళీగా లేరు. గోడలైతే కొంచెం కొంచెంగా లేపుకోవచ్చు, శ్లాబు ఒక్క పూటలో పడాలి, అంతమంది చేతులూ ఆ పూట ఉండాలి. గోడల బిల్లు పిందె పడే వేళకి గానీ పడక, ఆమె శ్లాబు కూడా ఆగిపోయి ఉంది. గడువు దగ్గర పడ్డాక మళ్ళీ అదే తోటకి వెళ్ళాను. ఆమె కాయలు దించే హడావుడిలో ఉంది.

"కాలనీలో ఎవర్నడిగినా తోటలోనే ఉన్నారండీ," అంది. "ఈ ఏడు పూత ఆలస్యమని పిల్లాడికి కూడా తెలుసు. ఈ తేదీ ఎవరు రాశారండీ, తోట మొహం చూడకుండా?"

పైవాళ్ళని చెప్పి తప్పుకోవచ్చు. అన్నేళ్ళుగా అదే చెబుతున్నాను కదా. ఈసారి నోరు రాలేదు.

"నేనే రాశానమ్మా," అన్నాను. "పోయినేడు మీరు చెప్పిందే రాశాను."

ఆమెకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "మేం పోయినేటి సంగతి చెప్పామండీ," అంది.

అక్కడి నుంచే జిల్లా అధికారికి ఫోన్ చేశాను. మీ క్యాలెండరే కదమ్మా, మీరే కాదంటే ఎలాగని ఆయన విసుక్కున్నారు. ఆ విసుగు నాకు బాగా తెలిసినదే, ఊళ్ళో వాళ్ళ మీద నేనూ అలాగే విసుక్కునేదాన్ని. తేదీ తీసేసి, కోత ముగిసిన రెండు వారాలకి అని పెట్టమన్నాను. కోత ఎప్పుడు ముగిసిందో ఆ ఊరి గ్రామసభ చెబుతుంది. గడువు ఉంటుంది, తేదీ మాత్రం ఊరు వేస్తుంది. చాలాసేపు బతిమాలాక, ఈ ఏటికి సరేనన్నారు.

తొలకరి జల్లు పడిన మర్నాడు ఆమె శ్లాబు పడింది. తోటలన్నీ ఖాళీ అయ్యాయేమో, కాలనీ సగం అక్కడే ఉంది. ఫొటో కోసం ఆమెను ఇంటి ముందు నిలబెట్టాను. చేతికి సిమెంటు, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మొహం నిండా నవ్వు.

ఫొటో తీయడం అయ్యాక దగ్గరికొచ్చి, "వచ్చే ఏడు ఆర్డరేమని వస్తదండీ?" అని అడిగింది.

తెలియదన్నాను. ఎక్కడికెళ్ళాలో తెలియదని తోటలో ఆమె నుంచి నేను వినడమే గానీ, తెలియదన్న మాట నా నుంచి ఆమె వినడం అదే మొదటిసారి.