ఫ్లాస్కు కింద ఉమారాణి టిక్కు

ఎల్లారెడ్డికి అవతల ఓ పల్లెలో అంగన్‌వాడీ టీచరు ఉమారాణి. నోరున్న మనిషి. పిల్లల గుడ్లు ఒక్కటి తక్కువొచ్చినా తెచ్చినవాణ్ణి గడప దాటనిచ్చేది కాదు. అలాంటి ఆమె కిందటేడు వానల తర్వాత నీళ్ల టబ్బును చూసి జడుసుకుంటోందంటే ఊళ్లో ఒక్కరూ నవ్వలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

ఆ వానల్లో ఆమె భర్త నగేశ్ కామారెడ్డి నుంచి బండి మీద వస్తూ, వాగు కల్వర్టు దగ్గర ఆగి ఫోన్ చేశాడు. "మోకాళ్ల దాంకనే ఉన్నది. వస్తున్న, అన్నం వెట్టు" అన్నాడు. ముందు బండి దొరికింది, తర్వాత మనిషి దొరికాడు. ఉమారాణి ఏడ్చింది తక్కువ, తిట్టింది ఎక్కువ. ఉత్త కండ్లతోనే లోతు చెప్పేటోనివా నువ్వు అని ఫొటోతో పోట్లాడేది. ఆ కోపం ఎంత పెరిగిందంటే ఆయన నవ్వు ఎలా ఉండేదో కూడా గుర్తుకు రానిచ్చేది కాదు. నీళ్లు ధారగా పడే చప్పుడు వినబడితే చాలు, చెవి పక్కనే ఆ మాట: మోకాళ్ల దాంకనే ఉన్నది.

అందుకే సెంటర్లో నీళ్లాట ఆగిపోయింది. టబ్బు గోడవారన బోర్లా పడి ఉండేది. ఓ పొద్దున సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఏ పాత్రలో నీళ్లు ఎక్కువ పడతాయో దేంట్లో తక్కువ పడతాయో పిల్లలతో చేయించి, వాళ్ల అంచనాల కాగితాలు గోడకు అంటించి పెట్టమంది. రేపొచ్చి చూస్తానంది. ఇక తప్పించుకునే దారి లేదు.

ఆయా సాలవ్వ టబ్బు నింపుతుంటే ఉమారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ మాట రానే వచ్చింది. పిల్లలు చుట్టూ చేరి "టీచర్, టీచర్" అంటుంటే తప్పదన్నట్టు వచ్చి కూర్చుంది.

శ్రీలత వాళ్ల నాన్న దుబాయి నుంచి తెచ్చిన పొడుగాటి స్టీలు ఫ్లాస్కు ఒకటి, సాలవ్వ ఇంటి నుంచి తెచ్చిన పొట్టి చెంబు ఒకటి. కాగితం మీద రెండింటి బొమ్మలు గీసి ఉన్నాయి. ఎక్కువ నీళ్లు దేంట్లో పడతాయనుకుంటే దాని కింద టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాకే పోయాలి.

"పోసినంక దిద్దుడు లేదు. ముందుగాల మనసులున్నదే పెట్టాలె" అని ఉమారాణి గట్టిగా చెప్పింది. అందరూ ఫ్లాస్కు కిందే పెట్టారు. గోడకు అంటించిన పెద్ద కాగితం మీద ఆమె కూడా, ఇందులో చూడ్డానికేముంది అన్నట్టు, ఫ్లాస్కు కిందే ఇంత పొడుగు టిక్కు గీసింది.

కొలవడానికి ఒకటే టీ గ్లాసు. ఆకాశ్ తొందరపడి సగం గ్లాసే పొయ్యబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. "అంచుదాంక నింపు నాయినా. ఒకపారి సగం, ఒకపారి నిండ పోస్తే లెక్క కుదరది." గరాటు పెట్టి పోస్తూ, పోసిన ప్రతి గ్లాసుకూ ఒక గీత గీశారు. ఫ్లాస్కు ఐదు గ్లాసులకే పొంగింది. చెంబు ఐదూ తాగి, ఆరూ తాగి, ఏడో గ్లాసుకు గానీ నిండలేదు.

పిల్లలు నోళ్లు తెరిచారు. శ్రీలత మాత్రం మొండికేసింది. "అయినా గిదే పెద్దది. పొడుగున్నది గద."

ఉమారాణి ఫ్లాస్కు వంచి లోపలికి తొంగి చూసింది. లోపలి గొట్టం సన్నగా ఉంది; వేడి ఆగడానికి గోడ రెండు పొరలు, మధ్యలో ఉత్త ఖాళీ. బయటికి కనిపించినంత చోటు లోపల లేదు.

సాలవ్వ రబ్బరు పట్టుకుని దగ్గరికొచ్చింది. "నీది గుడ తప్పయింది బిడ్డా. రేపు మేడం వస్తది, తుడిచెయ్యరాదు. టీచరుకే తెల్వదంటే బాగుండది."

"ఉండనీ సాలవ్వా. ముందుగాల నాకు గట్లనే అనిపిచ్చింది."

పిల్లలు గీతలు లెక్కపెట్టి చెంబు చుట్టూ సున్నా చుట్టారు. ఆమె టిక్కు ఫ్లాస్కు కింద అలాగే ఉండిపోయింది. పిల్లలందరూ ఇళ్లకు వెళ్లాక టబ్బును తనే వంచింది. నీళ్లు గడప మీదుగా ధారకట్టాయి, మాట వచ్చింది, ఎప్పటిలా చెవి పక్కనే. మోకాళ్ల దాంకనే ఉన్నది.

ఈసారి ఆమె తిట్టలేదు. ఖాళీ టబ్బు పట్టుకుని గడపలో నిలబడింది.

"అవునయ్యా, నీ జాగల ఉంటే నాకు గుడ గట్లనే కనవడుతుండె" అంది. అప్పుడు ఏడ్చింది.